"రేపు"నా, "ఎప్పుడు చూసినా"నా? కథ చెప్పే ఇంగ్లీషులో క్రియ ఏ కాలంలో ఉండాలి

(విశాఖపట్నంలో ఇంగ్లీషు ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం.

బోర్డు మీద నాలుగు వాక్యాలు రాశాను, ఒకసారి చూడండి. "ద హీరో విల్ కమ్ టు వైజాగ్. హి విల్ సీ ద హీరోయిన్ ఎట్ ఆర్.కె. బీచ్. హర్ ఫాదర్ విల్ నాట్ అగ్రీ. సో దే విల్ రన్ అవే." నవ్వుతున్నారు కదా. సినిమా కథ ఇంగ్లీషులో రాయమంటే మన పిల్లల పేపర్లలో కనిపించేది ఇదే. వాక్యం వాక్యంగా తీసి చూడండి, వ్యాకరణం ప్రకారం ఒక్కటీ తప్పు కాదు. విల్ ఉంది, దాని తర్వాత క్రియ ఉండాల్సిన రూపంలోనే ఉంది. అయినా ఇంగ్లీషు బాగా తెలిసినవాడు ఈ నాలుగూ వరసగా చదివితే సినిమా కథ విన్నట్టు ఉండదు, ఎవరో హీరో జాతకం చెబుతున్నట్టు ఉంటుంది. సినిమా ఇంకా తీయలేదేమో, ఇలా తీయబోతున్నారేమో అనుకుంటాడు.

ఈ విల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? పిల్లవాడికి ఇంగ్లీషు రాక కాదు. తెలుగు బాగా వచ్చు కాబట్టి. వాడు మనసులో అనుకున్నది ఇది: "హీరో వైజాగ్ వస్తాడు. బీచ్‌లో హీరోయిన్‌ని చూస్తాడు. వాళ్ల నాన్న ఒప్పుకోడు. ఇద్దరూ లేచిపోతారు." ఇది చక్కని తెలుగు, ఇందులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. చిక్కల్లా "వస్తాడు" అన్న మాటలో ఉంది. చిన్నప్పుడు "వస్తాడు అంటే విల్ కమ్" అని నేర్పాం. ఆ నేర్పింది సగం నిజం. మిగతా సగం ఎవరూ చెప్పలేదు.

మన పాత వ్యాకరణాల్లో కాలాలు మూడు కావు, నాలుగు. భూతం, వర్తమానం, భవిష్యత్తు, నాలుగోది తద్ధర్మం. తద్ధర్మం అంటే ఎప్పుడూ జరిగేది, దాని స్వభావంగా ఉన్నది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. నీరు పల్లానికి పారుతుంది. ఇవి రేపటి సంగతులు కావు. రాతభాషలో దీనికి "ఉదయించును, పారును" అని విడి రూపం ఉండేది. మాట్లాడే తెలుగులో భవిష్యత్తు, తద్ధర్మం రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి. "రేపు అన్నయ్య వస్తాడు" అన్నా, "రోజూ పాలవాడు వస్తాడు" అన్నా మనకు ఒకటే "వస్తాడు". ఇంగ్లీషులో ఆ రెండూ కలవలేదు. మొదటిది విల్ కమ్, రెండోది కమ్స్. కాబట్టి తెలుగులో ఒక గుమ్మం దాటి వచ్చినవాడికి ఇంగ్లీషులో రెండు గుమ్మాలు కనిపిస్తాయి, అలవాటైన దాంట్లో దూరిపోతాడు.

ఏది ఎంచుకోవాలో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. క్రియ ముందు "రేపు" పెట్టి చూడండి, తర్వాత "ఎప్పుడు చూసినా" పెట్టి చూడండి. "రేపు హీరో వైజాగ్ వస్తాడు." కుదరదు, మనం చెబుతున్నది ఆ సంగతి కాదు. "ఎప్పుడు చూసినా హీరో వైజాగ్ వస్తాడు." కుదిరింది. మొదటి రోజు మొదటి ఆట చూసినా, పదేళ్ల తర్వాత టీవీలో చూసినా, అతను వైజాగే వస్తాడు, పొరపాటున కాకినాడ పోడు. "ఎప్పుడు చూసినా" అతికితే ప్రెజెంట్ సింపుల్. "హీరో కమ్స్ టు వైజాగ్." పుస్తకానికైతే "ఎప్పుడు చదివినా" అనుకోండి.

కథాసారానికి ప్రెజెంట్ సింపుల్ ఎందుకు అలవాటైందన్న ప్రశ్నకు సగం జవాబు ఈ పరీక్షలోనే ఉంది. కథలో జరిగే సంఘటనకు క్యాలెండర్‌లో చోటు లేదు. నిన్న జరిగి అయిపోయిందనడానికి లేదు, పుస్తకం తెరిస్తే మళ్లీ అదే జరుగుతుంది. ఇప్పుడు జరుగుతోందనడానికీ లేదు, పుస్తకం బీరువాలో ఉంది. అది ఆ పుస్తకం తాలూకు ధర్మం, అంతే. నాటకాలు రాసినవాళ్లకు ఇది ముందునుంచీ తెలుసు. మన పాత నాటకాల్లో రంగస్థల సూచనలు ఎలా ఉంటాయి? "ప్రవేశించును", "నిష్క్రమించును". అచ్చమైన తద్ధర్మం. ఇంగ్లీషు నాటకాల్లో "ఎంటర్స్", "ఎగ్జిట్స్" అని ఉంటుంది. ఎన్నిసార్లు ఆడినా ఆ పాత్ర అక్కడే వస్తుంది కాబట్టి.

ఇక్కడ ఒకరికి సందేహం రావాలి. అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు, వేటకు వెళ్లారు, చేపలు తెచ్చారు. అక్కడ "వెళ్తారు, తెస్తారు" అనం కదా? అనం. ఎందుకంటే అక్కడ కథ చెబుతున్నాం, కథలో ఏముందో చెప్పడం లేదు. రెండూ వేరు. అమ్మమ్మ పిల్లలకు కథ చెప్పేటప్పుడు భూతకాలంలో చెబుతుంది, ఇంగ్లీషు నవలాకారుడు కూడా ఎక్కువగా భూతకాలంలోనే రాస్తాడు. అదే అమ్మమ్మను "ఆ ఏడు చేపల కథలో ఏముంటుంది?" అని అడిగి చూడండి. "రాజుగారి కొడుకులు వేటకెళ్తారు, ఏడు చేపలు తెస్తారు, ఒకటి ఎండదు" అంటుంది. ఎవరూ నేర్పకుండానే కాలం మారిపోయింది. ఇంగ్లీషులో జరిగేదీ ఇదే. నవల మొత్తం "షి వాక్డ్, షి సెడ్" అని ఉన్నా, దాని సారం రాసేవాడు "షి వాక్స్, షి సేస్" అంటాడు. నవల ఏ కాలంలో ఉందో చూసి సారాన్ని ఆ కాలంలో రాయాలనుకోవడం పొరపాటు.

ఇప్పుడు ఒక కథ తీసుకుని పని చేద్దాం. మన ప్రాంతపు నాటకం, కథ అందరికీ తెలిసినది, చివరి ఘట్టాలు మన విశాఖపట్నంలోనే జరుగుతాయి. కన్యాశుల్కం. దీని సారం ఇంగ్లీషులో రాయాలి.

మొదటి వాక్యం చాలామంది ఇలా మొదలుపెడతారు: "గిరీశం ఈజ్ లివింగ్ ఇన్ విజయనగరం అండ్ హి ఈజ్ హావింగ్ మెనీ డెట్స్." విల్ పోయింది, సంతోషం. దాని చోట ఇంగ్ వచ్చి కూర్చుంది. ఇదీ తెలుగు పుణ్యమే. "ఉంటున్నాడు" అన్నది "ఈజ్ లివింగ్" అయింది, "ప్రేమిస్తున్నాడు" అన్నది "ఈజ్ లవింగ్" అవుతుంది. అప్పులుండటం, తెలిసి ఉండటం, ప్రేమించడం, నమ్మడం లాంటివి స్థితులు, పనులు కావు. ఇలాంటి క్రియలకు ఇంగ్లీషు సాధారణంగా ఇంగ్ తగిలించదు. "గిరీశం ఓజ్ మనీ ఆల్ ఓవర్ విజయనగరం." ఊరంతా అప్పులే. అయిపోయింది.

పనులను చెప్పే క్రియల్లో ఇంగ్ చేసే నష్టం వేరు. "గిరీశం ఈజ్ గోయింగ్ టు ద విలేజ్, అండ్ హి ఈజ్ మీటింగ్ బుచ్చమ్మ, అండ్ హి ఈజ్ టాకింగ్ టు హర్." ఇది చదివితే మూడు పనులూ ఒకేసారి సాగుతున్నట్టు ఉంటుంది. ఊరు చేరలేదు, కలవడం పూర్తి కాలేదు, అన్నీ సగంలో వేలాడుతున్నాయి. కథాసారంలో ఒక పని పూర్తయితేనే దాని మీద రెండోది నిలబడుతుంది. ప్రెజెంట్ సింపుల్ పనిని మొదలూ తుదీ ఉన్న ఒక ముద్దగా చూపిస్తుంది, అందుకే వరసగా పేర్చడానికి పనికొస్తుంది. "హి గోస్ టు ద విలేజ్, మీట్స్ బుచ్చమ్మ, అండ్ విన్స్ హర్ ట్రస్ట్." ఒకటి తర్వాత ఒకటి. క్రికెట్ వ్యాఖ్యానం వినేవాళ్లకు ఇది కొత్త కాదు. బంతి వెయ్యడం, కొట్టడం, పట్టడం అన్నీ అరక్షణంలో పూర్తయ్యే పనులు కాబట్టి "బౌల్స్, హిట్స్, క్యాచెస్" అంటారు. బౌలర్ పరిగెత్తుకుంటూ వస్తున్నంతసేపూ మాత్రం "ఈజ్ రన్నింగ్ ఇన్".

కథాసారంలోనూ ఇంగ్‌కి అంతే చోటు. ఒక పని సాగుతుండగా మధ్యలో ఇంకోటి జరిగితే, సాగుతున్న దానికే ఇంగ్. "వైల్ ఎవ్రీవన్ ఈజ్ స్లీపింగ్, ద బ్రైడ్ డిసప్పియర్స్." అందరూ నిద్రపోతుండగా పెళ్లికూతురు మాయం. పేజీ సారంలో ఇలాంటి వాక్యం ఒకటో రెండో వస్తే చాలు. అంతకు మించితే అనుమానించండి.

రెండో వాక్యం. గిరీశం ఊరొదిలి శిష్యుడు వెంకటేశంతో కలిసి వాళ్ల అగ్రహారానికి వెళ్తాడు. "హి లీవ్స్ టౌన్ విత్ హిజ్ ప్యూపిల్ వెంకటేశం అండ్ గోస్ టు ద బాయ్స్ విలేజ్." ఇక్కడ ఇబ్బంది లేదు, ఎస్ మరచిపోకపోతే చాలు. విల్ తీసేశాక పిల్లలు "గిరీశం లీవ్ టౌన్" అని వదిలేస్తారు. విల్ ఉన్నప్పుడు ఎస్ అవసరం లేదు, విల్ పోతే దాని బాకీ క్రియ తీర్చాలి. సారంలో కర్త దాదాపు ప్రతిసారీ "అతను" గానీ "ఆమె" గానీ కాబట్టి ఈ ఎస్ ప్రతి వాక్యంలోనూ వస్తుంది. వ్యతిరేకంలో మాత్రం డజ్ ముందే ఆ ఎస్‌ని తీసేసుకుంటుంది. "డజ్ నాట్ అగ్రీ" అనాలి, "డజ్ నాట్ అగ్రీస్" కాదు. ఇక "ఒప్పుకోడు" అన్నది చూడండి. "రేపు ఒప్పుకోడు" అనే అర్థం కాదు కాబట్టి ఇక్కడా "విల్ నాట్" పనికిరాదు. అయితే ఒక తిరకాసు ఉంది. ఎంత చెప్పినా మొండికేశాడు అని చెప్పాలంటే ఇంగ్లీషులో "విల్ నాట్ లిజన్" అనే వాడుక ఉంది. అది భవిష్యత్తు కాదు, పట్టుదల. తేడా చెవికి పట్టేదాకా "రెఫ్యూజెస్ టు లిజన్" అని రాయించండి, గొడవ ఉండదు.

మూడో వాక్యం దగ్గర అసలు పాఠం మొదలవుతుంది. గిరీశం ఆ ఊరు చేరేసరికి వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని డబ్బు కోసం ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి సిద్ధపడి ఉన్నాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ విధవ, ఆమె భర్త నాటకం మొదలవక ముందే పోయాడు. ఇవి కథలోవే, కానీ మనం నిలబడ్డ చోటుకు వెనక ఉన్నాయి. వీటికి కూడా ప్రెజెంట్ సింపుల్ పెడితే, "బుచ్చమ్మాస్ హజ్బెండ్ డైస్" అంటే, రంగస్థలం మీద మన కళ్ల ముందే ఆయన పోయినట్టు అవుతుంది. అందుకని వెనక్కి వెళ్లిన వాటికి ఒక మెట్టు వెనక కాలం. ఎప్పుడో జరిగి తెగిపోయిన సంగతికి పాస్ట్ సింపుల్: "బుచ్చమ్మాస్ హజ్బెండ్ డైడ్ బిఫోర్ ద ప్లే బిగిన్స్." దాని ఫలితం ఇప్పటి కథలో ఇంకా నడుస్తుంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్: "అగ్నిహోత్రావధాన్లు హాజ్ డిసైడెడ్ టు మారీ సుబ్బి టు ఏన్ ఓల్డ్ మాన్ ఫర్ మనీ." నిర్ణయం అయిపోయింది, దాని బరువు కథంతా మోస్తుంది. మొదటి వాక్యంలో "బిగిన్స్" అన్నది గమనించండి. నాటకం మొదలవడం ప్రెజెంట్‌లోనే ఉంది, భర్త పోవడం ఒక్కటే వెనక్కి వెళ్లింది.

దీన్నిబట్టి ప్రెజెంట్ సింపుల్ వల్ల ఇంకో లాభం తెలుస్తుంది. కథ నడకకు దాన్ని వాడేస్తే, భూతకాలం మన చేతిలో ఖాళీగా మిగులుతుంది. "ఇది అంతకుముందు జరిగింది" అని చెప్పడానికి దాన్ని వాడుకోవచ్చు. కథ మొత్తం భూతకాలంలో రాసుకుంటే, అంతకుముందు సంగతులకు మళ్లీ ఇంకో మెట్టు వెనక్కి, "హాడ్ డైడ్, హాడ్ డిసైడెడ్" దాకా పోవాలి. పేజీ నిండా హాడ్‌లు పడతాయి. మన పేపర్లలో ఇంకో వింత కూడా కనిపిస్తుంది. కథ ప్రెజెంట్‌లో నడుస్తూనే ఉంటుంది, వెనకటి సంగతి రాగానే "హాడ్" దూకుతుంది. "గిరీశం గోస్ టు ద విలేజ్. హి హాడ్ బారోడ్ మనీ." ఒక మెట్టు దిగాల్సిన చోట రెండు మెట్లు దిగారన్నమాట. ప్రెజెంట్‌లో నడిచే సారంలో హాడ్ కనిపిస్తే చాలాసార్లు దాన్ని కొట్టేసి మామూలు భూతకాలమో, హాజ్‌తో వచ్చే రూపమో పెడితే సరిపోతుంది.

నాలుగో ఘట్టం. సుబ్బి తల్లి వెంకమ్మ ఈ సంబంధానికి ఒప్పుకోదు. ఆమె అన్నదమ్ముడు కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, కూతురని చెప్పి, లుబ్ధావధాన్లుకే అమ్మి, పెళ్లి జరిపించి, సుబ్బి పెళ్లి తప్పిస్తాడు. తెలుగులో ఎంత హాయిగా ఉందో చూడండి. వేసి, చెప్పి, అమ్మి, జరిపించి, తప్పిస్తాడు. నాలుగు అసమాపక క్రియలు, చివర ఒక్క సమాపక క్రియ. దీన్ని ఉన్నదున్నట్టు దించితే "హావింగ్ డ్రెస్డ్ హిజ్ డిసైపుల్, హావింగ్ సెడ్, హావింగ్ సోల్డ్..." అని రైలు పెట్టెల్లా సాగుతుంది, పాఠకుడు ఇంజను కోసం వెతుక్కోవాలి. ఇంగ్లీషులో ఆ "వేసి, చెప్పి" లను కూడా పూర్తి క్రియలు చెయ్యాలి, రెండు మూడు వాక్యాలుగా విరవాలి. "కరటకశాస్త్రి డ్రెసెస్ హిజ్ డిసైపుల్ యాజ్ ఎ గర్ల్. హి పాసెస్ హిమ్ ఆఫ్ యాజ్ హిజ్ డాటర్ అండ్ సెల్స్ ద 'బ్రైడ్' టు లుబ్ధావధాన్లు." అన్నీ ప్రెజెంట్ సింపుల్. వరస చెప్పడానికి "దెన్" కూడా అక్కర్లేదు, వాక్యాల వరసే ఆ పని చేస్తుంది.

చివరికి. పెళ్లయ్యాక ఆ దొంగ పెళ్లికూతురు మాయమవుతుంది, లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడుతుంది. ఈలోగా గిరీశం బుచ్చమ్మను లేవదీసుకుపోతాడు. వేశ్య మధురవాణి మగవేషంలో విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతుల్ని కలిసి నిజం బయటపెడుతుంది. ఇక్కడ ఒక వాక్యం చూద్దాం. "షి టెల్స్ సౌజన్యారావు దట్ ద బ్రైడ్ వాజ్ ఎ బాయ్." ఆ వాజ్ సరైనదే. చెప్పడం కథ నడకలో ఉంది, టెల్స్. చెప్పిన సంగతి అంతకుముందుది, వాజ్. పాత్ర రాబోయే దాని గురించి మాట్లాడితే విల్ కూడా న్యాయంగా వస్తుంది. "గిరీశం ప్రామిసెస్ దట్ హి విల్ టీచ్ వెంకటేశం." గిరీశం నిలబడ్డ చోటు నుంచి చూస్తే అది నిజంగా రేపటి సంగతే, "రేపు" పరీక్షలో నెగ్గుతుంది. అంటే విల్‌ని దేశం నుంచి వెళ్లగొట్టమని కాదు. పాత్ర ఆశకో, మాటకో, బెదిరింపుకో అది ఉండాలి. కథ నడకకు ఉండకూడదు. "ప్రామిసెస్"కు బదులు "ప్రామిస్డ్" అని మొదలుపెడితే ఈ విల్‌ని వుడ్ చెయ్యాలి. ప్రెజెంట్‌లో ఉంటే ఆ తలనొప్పి లేదు.

ఇప్పుడు సినిమా దగ్గరికి వద్దాం. మన సినిమాకు ఫ్లాష్‌బ్యాక్ లేకపోతే అన్నం అరగదు కదా. ఒక కథ అనుకుందాం. ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసుకునే ఒక మౌనమైన మనిషి. ఇంటర్వెల్ దగ్గర పాత శత్రువు కనిపిస్తాడు. అక్కణ్ణుంచి నలభై నిమిషాలు పన్నెండేళ్ల కిందటి కథ. దీన్ని ఏ కాలంలో రాయాలి? ఇందాకటి లెక్క ప్రకారం వెనకటి సంగతి కాబట్టి భూతకాలం అంటారు. ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోయే వెనకటి సంగతికి అదే సరి: "ట్వెల్వ్ ఇయర్స్ ఎగో, ద మాన్ కిల్డ్ హిజ్ బ్రదర్." కానీ నలభై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్‌కు మూడు పేరాలు పడితే, మూడు పేరాలూ భూతకాలంలో నడిస్తే పాఠకుడు ఏ కాలంలో ఉన్నాడో మరచిపోతాడు. అప్పుడు వంతెన వాక్యం ఒకటి వెయ్యాలి. "ద ఫిల్మ్ నౌ గోస్ బ్యాక్ ట్వెల్వ్ ఇయర్స్." ఇక అక్కణ్ణుంచి మళ్లీ ప్రెజెంట్ సింపులే. ప్రేక్షకుడు కూడా తెరమీద దాన్ని కళ్ల ముందు జరిగేదిగానే చూస్తున్నాడు కదా. ఫ్లాష్‌బ్యాక్ అయిపోగానే ఇంకో వంతెన: "బ్యాక్ ఇన్ ద ప్రెజెంట్, హి పిక్స్ అప్ ద నైఫ్." చాలామంది మొదటి వంతెన వేస్తారు, రెండోది మరచిపోతారు. మనిషి పన్నెండేళ్ల వెనకే ఉండిపోతాడు, కత్తి ఏ కాలంలో పట్టుకున్నాడో తెలియదు.

ఇప్పటిదాకా కథ లోపలి సంగతులు. కథ బయట ఉన్నవాటికి ఈ సూత్రం వర్తించదు. అక్కడ తప్పులు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ప్రెజెంట్ అలవాటైనవాడు దాన్ని ఊరంతా పూస్తాడు. గురజాడ 1862లో పుట్టాడు. కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, బాగా మార్చి పెంచిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఇవి క్యాలెండర్‌లో చోటున్న సంగతులు. "గురజాడ పబ్లిష్డ్ ద ప్లే ఇన్ 1897." ఇక్కడ "పబ్లిషెస్" అంటే వార్తాపత్రిక శీర్షికలా ఉంటుంది. అదే మనిషి పుస్తకం లోపల మాట్లాడుతుంటే మళ్లీ ప్రెజెంట్. దీనికి ఆ నాటకం ఇంగ్లీషు పీఠికే మంచి ఉదాహరణ. విశాఖపట్నం జిల్లాలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితాను విజయనగరం మహారాజా తయారు చేయించాడని అందులో ఉంది. "ఇన్ హిజ్ ప్రిఫేస్, గురజాడ సేస్ దట్ ద మహారాజా హాడ్ ఎ లిస్ట్ ప్రిపేర్డ్." పీఠిక ఎప్పుడు తెరిచినా గురజాడ ఆ మాట చెబుతూనే ఉంటాడు, అందుకని సేస్. మహారాజా చేయించింది చరిత్ర, అందుకని వెనక కాలం. అన్నట్టు ఇక్కడి హాడ్ ఇందాకటి హాడ్ కాదు. "హాడ్ ఎ లిస్ట్ ప్రిపేర్డ్" అంటే "జాబితా చేయించాడు", మామూలు భూతకాలమే.

నిజంగా జరిగిన దాని మీద తీసిన సినిమాకు ఈ తేడా ఇంకా బాగా పనికొస్తుంది. 1971 డిసెంబర్ యుద్ధంలో ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి మన విశాఖ తీరంలో మునిగిపోయింది. "ద ఘాజీ స్యాంక్ ఆఫ్ విశాఖపట్నం ఇన్ డిసెంబర్ 1971." అది చరిత్ర. దాని మీద వచ్చిన సినిమాలో భారత జలాంతర్గామి సిబ్బంది దాన్ని వెంటాడతారు: "ఇన్ ద ఫిల్మ్, ద క్రూ ఆఫ్ ఏన్ ఇండియన్ సబ్‌మెరైన్ హంట్స్ ఇట్." అది కథ. కాలం మార్చగానే, ఏది జరిగిన సంగతి, ఏది సినిమా చూపించిన సంగతి అన్నది వేరే మాట లేకుండానే తేలిపోయింది. రెండూ కలిపేసి రాస్తే సినిమా కల్పన కాస్తా చరిత్రగా చెలామణి అవుతుంది. అలా రాసిన విద్యార్థి వ్యాసం మీద "ఇది నిజంగా జరిగిందా?" అని ఎర్ర సిరాతో రాయండి, కాలం దిద్దకండి. తనే దిద్దుకుంటాడు.

ఒక నటుడు నిన్న రాత్రి ప్రదర్శనలో డైలాగ్ మరచిపోతే అదీ భూతకాలమే, ఎందుకంటే అది నాటకంలో లేదు, నిన్నటి రాత్రిలో ఉంది. "ఐ లైక్డ్ ద సెకండ్ హాఫ్" కూడా అంతే.

దిద్దుకునే పద్ధతి చెప్పి ప్రశ్నలకు వస్తాను. రాసిన సారం ముందు పెట్టుకుని పెన్సిల్‌తో ప్రతి క్రియ చుట్టూ సున్నా చుట్టండి. అర్థం చూడొద్దు, క్రియలే చూడండి. ఒక్కో సున్నా దగ్గర ఆగి, ఇది కథ లోపలిదా బయటదా అని అడగండి. బయటదైతే భూతకాలం ఉండనివ్వండి. లోపలిదైతే, కథ ఇప్పుడున్న చోటుకు వెనకదా అని ఇంకో ప్రశ్న. వెనకదైతే ఒక్క మెట్టు వెనక్కి. కాకపోతే ప్రెజెంట్ సింపుల్. విల్ కనిపిస్తే అది ఏదో పాత్ర నోట్లోదా అని చూడండి, కాకపోతే కొట్టేయండి. నూట యాభై మాటల సారంలో క్రియలు ఇరవై ముప్ఫైకి మించవు, అయిదు నిమిషాల పని.

(సభలోంచి ఒక ఉపాధ్యాయురాలు: "సార్, పూర్తిగా పాస్ట్‌లో రాసిన పిల్లవాడికి మార్కులు కొయ్యాలా?")

వద్దమ్మా. మొదటి నుంచి చివరిదాకా భూతకాలంలో, తడబడకుండా రాస్తే అది తప్పు ఇంగ్లీషు కాదు. కథను తనే తిరిగి చెప్పాడనుకోవచ్చు. ప్రశ్నలో "కథ తిరిగి చెప్పు" అని ఉంటే అదే మంచి జవాబు కూడా. కొయ్యాల్సింది కారణం లేకుండా కాలం మారిన చోట. "హి గోస్ టు ద విలేజ్ అండ్ మెట్ బుచ్చమ్మ." ఒకే వాక్యంలో ఒక కాలు ఇప్పటిలో, ఒక కాలు నిన్నట్లో. అది రెండు రకాలుగా రావచ్చు. ఒకటి, మెట్ అన్నది మీట్‌కి భూతరూపం అని గుర్తురాక. రెండు, నవలలో వాక్యాలు భూతకాలంలో ఉంటే వాటిని చూసి రాస్తూ సగం తనవీ సగం నవలవీ కలిపేయడం. రెండోదాన్ని గుర్తుపట్టడం తేలిక. కాలం మారిన చోటే పదాల స్థాయి కూడా ఒక్కసారిగా పెరుగుతుంది.

(ఇంకొక విద్యార్థి: "సినిమా ఎండింగ్ ఓపెన్‌గా ఉంటే? తర్వాత ఏం జరుగుతుందో చెప్పాలంటే విల్ వాడొచ్చా?")

సినిమా చూపించనిది మీరు చెప్పకూడదు, అసలు సంగతి అది. ఆఖరి దృశ్యంలో హీరో రైలెక్కి, ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకపోతే, "ద ఫిల్మ్ ఎండ్స్ యాజ్ హి బోర్డ్స్ ద ట్రైన్" అని ఆపండి. "హి విల్ ప్రాబబ్లీ కమ్ బ్యాక్" అని రాశారంటే అది మీ ఊహ. ఊహ చెప్పుకోవాలంటే సారం పూర్తయ్యాక, వేరే పేరాలో, మీ పేరు మీద చెప్పుకోండి.